కంటితో వినే గజడదబలు

(వినికిడి పరీక్షలు చేసే ఒక ఆడియాలజిస్టు గ్రంథాలయ హాలులో ఇచ్చిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు నుంచి టైపు చేసినది.)

అందరికీ నమస్కారం. మొదట మాటలు వద్దు, ఒక చిన్న వీడియో చూద్దాం. తెర మీద ఒక అమ్మాయి ముఖం కనబడుతుంది. ఒకే అక్షరాన్ని మళ్ళీ మళ్ళీ అంటుంది. మీరు ఆమె ముఖం వైపే చూస్తూ, ఏమంటోందో మనసులో అనుకోండి. పక్కవాళ్ళకి చెప్పకండి. పక్కవాళ్ళు చెబితే మీ చెవి కూడా అటే పోతుంది.

చూశారా? ఇప్పుడు చెప్పండి. ‘ద’ అన్నవాళ్ళు చేతులెత్తండి. చాలామంది ఉన్నారు. ‘డ’ అన్నవాళ్ళు? మీరూ ఉన్నారు. ‘బ’ అన్నవాళ్ళు? ఆరేడుగురు కనబడుతున్నారు. మీ గురించి తర్వాత చెప్తాను, మీరు చేసింది తప్పేం కాదు. ‘గ’? ఒకరిద్దరు. సరే.

ఇప్పుడు అందరూ కళ్ళు మూసుకోండి. అదే వీడియో మళ్ళీ పెడుతున్నాను. ఒక్క ముక్క కూడా మార్చలేదు.

ఏం వినబడింది? ‘బ’. అందరికీ ‘బ’నే. ఇప్పుడు కళ్ళు తెరవండి. మళ్ళీ ‘ద’ అయిపోయింది. మూయండి, ‘బ’. తెరవండి, ‘ద’. ముందు వరుసలో పెద్దాయన తల అడ్డంగా ఊపుతున్నారు. నమ్మలేకపోతున్నారా అండీ? నేను ఈ వీడియో కొన్ని వందల సార్లు చూశాను. దాని లోపల ఏముందో తెలుసు, ఎలా తయారయిందో తెలుసు. అయినా ఇప్పటికీ నాకు ‘ద’ అనే వినబడుతుంది. తెలిసినా పోదు. ఆ మాట గుర్తుపెట్టుకోండి, తెలిసినా పోదు.

ఆ వీడియోలో ఉన్నది ఇంతే. గొంతు ‘బ బ’ అంటోంది. నోరు మాత్రం అదే అమ్మాయి ‘గ గ’ అంటున్నప్పుడు తీసింది. ఆ రెండింటినీ కలిపి అతికించారు. చెవికి ‘బ’ వచ్చింది, కంటికి ‘గ’ వచ్చింది. మీకు వినబడింది మాత్రం అటు చెవికీ రానిది, ఇటు కంటికీ రానిది. ఆ ‘ద’ గాలిలో లేదు, తెర మీదా లేదు. మరి ఎక్కడిది?

దీని పేరు మెక్‌గర్క్ ఎఫెక్ట్. ఇంగ్లండులో గిల్డ్‌ఫర్డ్ అనే ఊళ్ళో సర్రే యూనివర్సిటీ ఉంది. అక్కడ హ్యారీ మెక్‌గర్క్, జాన్ మెక్‌డొనాల్డ్ అనే ఇద్దరు సైకాలజిస్టులు పసిపిల్లలు మాటల్ని ఎలా గ్రహిస్తారన్న విషయం మీద పనిచేస్తున్నారు. ఆ పని కోసం ఒకరి నోటి మీద వేరే అక్షరం డబ్ చేసిన వీడియోలు తయారు చేయించుకున్నారు. అవి చూస్తే, ఆడియోలోనూ లేని, వీడియోలోనూ లేని మూడో అక్షరం వినబడింది. వాళ్ళు వెతుకుతున్నది వేరు, దొరికింది వేరు. 1976 డిసెంబరులో ‘నేచర్’ పత్రికలో చిన్న వ్యాసంగా ప్రచురించారు. మూడేళ్ళ పిల్లల నుంచి పెద్దవాళ్ళ దాకా 103 మందికి చూపించారు. ‘బ’ గొంతు, ‘గ’ నోరు ఉన్న వీడియోకి పెద్దవాళ్ళలో 98 శాతం ‘ద’ అని చెప్పారు. బడి ఈడు రాని చిన్నపిల్లల్లో 81 శాతం, ఏడెనిమిదేళ్ళవాళ్ళలో 64 శాతం. అదే సౌండు ముఖం లేకుండా వినిపిస్తే దాదాపు అందరూ సరిగ్గానే చెప్పారు.

ఇప్పుడు అసలు ప్రశ్న. ‘ద’నే ఎందుకు? ‘బ’కీ ‘గ’కీ గొడవ వస్తే ‘స’ అనో ‘ల’ అనో ఎందుకు వినబడలేదు?

దీనికి జవాబు మనం రెండో తరగతిలోనే బట్టీ పట్టాం. కచటతపలు, గజడదబలు. గుర్తుందా? గజడదబలు సరళాలు, కచటతపలు పరుషాలు అని పాడుకుంటూ నేర్చుకున్నాం. ఆ వరుస ఎవరో తోచినట్టు పెట్టింది కాదు. ఒక్కసారి నెమ్మదిగా అనండి, పైకే అనండి, సిగ్గుపడకండి. గ. జ. డ. ద. బ. నాలుక ఎక్కడ తగులుతోందో గమనించండి. ‘గ’కి నాలుక వెనక భాగం గొంతు దగ్గర పైకి తగులుతుంది. ‘జ’కి కొంచెం ముందుకు, అంగిలి దగ్గర. ‘డ’కి నాలుక కొన వెనక్కి మడిచి పైన తగులుతుంది. ‘ద’కి పళ్ళకి. ‘బ’కి నాలుకతో పనే లేదు, రెండు పెదవులూ కలుస్తాయి. అంటే గొంతు దగ్గర మొదలై, నోట్లో మెట్టు మెట్టుగా ముందుకు నడుస్తూ పెదవుల దగ్గరికి వచ్చి ఆగే వరుస అది. కంఠ్యాలు, తాలవ్యాలు, మూర్ధన్యాలు, దంత్యాలు, ఓష్ఠ్యాలు అని పేర్లు పెట్టింది అందుకే.

ఇప్పుడు మన వీడియోని ఆ వరుసలో పెట్టి చూడండి. కంటికి వచ్చింది ‘గ’, వరుసలో ఒక కొస. చెవికి వచ్చింది ‘బ’, రెండో కొస. వినబడింది ‘ద’, లేదా ‘డ’. రెండూ మధ్యవే! పరుషాలతో కూడా ఇంతే. ఆ 1976 ప్రయోగంలోనే ‘ప’ గొంతుకి ‘క’ నోరు అతికిస్తే ఎక్కువమంది పెద్దవాళ్ళకి ‘త’ వినబడింది. కచటతపల్లో ఒక కొస ‘క’, ఇంకో కొస ‘ప’, మధ్యలో ‘త’.

ఇందాక కొందరు ‘ద’ అన్నారు, కొందరు ‘డ’ అన్నారు కదా. వాళ్ళు పరీక్షించింది ఇంగ్లీషువాళ్ళని. ఇంగ్లీషు ‘డి’ మన ‘ద’ కాదు, మన ‘డ’ కూడా కాదు. నాలుక పళ్ళ వెనక చిగురుకి తగులుతుంది. వాళ్ళకి ఆ మధ్యలో ఒకే గది ఉంది, మనకి రెండు గదులు ఉన్నాయి. అందుకే మీలో కొందరు ఒక గదిలోకి, కొందరు ఇంకో గదిలోకి వెళ్ళారు. ఇద్దరూ ‘బ’ని వదిలేశారు, మనకి కావలసింది అదే.

అయితే ఇక్కడ ఒక జాగ్రత్త. రెండు కొసలూ కలిపి సగం చేస్తే మధ్యది వస్తుంది, లెక్క ఇంతే అనుకోకండి. అలా అయితే తిప్పి పెట్టినా అదే రావాలి కదా? ‘గ’ గొంతుకి ‘బ’ నోరు అతికిస్తే? అప్పుడూ ‘ద’ రావాలి. రాదు. తిప్పి పెడితే ఎక్కువమందికి ‘గబ’ అనో ‘బగ్బ’ అనో, రెండూ పక్కపక్కన వినబడతాయి. కలవవు. నాకు ఈ మొత్తం విషయంలో ఎక్కువ నచ్చేది ఇదే. ఎందుకు ఒకవైపు కలుస్తాయి, ఇంకోవైపు కలవవు?

మీ పక్కన కూర్చున్నవాళ్ళ వైపు తిరగండి. ఒకరు గొంతు రాకుండా నోటితో మాత్రం ‘గ’ అనండి. తర్వాత ‘డ’, తర్వాత ‘ద’. రెండోవాళ్ళు చూసి ఏదో చెప్పండి. కష్టంగా ఉంది కదా? నాలుక లోపల ఎక్కడ తగిలిందో బయటికి సరిగ్గా కనబడదు. పెదవులు తెరిచి ఉన్నాయని మాత్రం ఖచ్చితంగా తెలుస్తుంది. ఇప్పుడు ‘బ’ అనండి. వెంటనే పట్టేశారు. పెదవులు మూసుకోవడం దాచలేని విషయం.

అంటే ‘గ’ నోరు చూసినప్పుడు కన్ను చెప్పేది “ఇది గ” అని కాదండీ. “పెదవులు మూయలేదు, కాబట్టి ఇది బ మాత్రం కాదు” అని చెబుతుంది. గ కావచ్చు, డ కావచ్చు, ద కావచ్చు, ఏదైనా ఒప్పుకుంటుంది. ఇక చెవి సంగతి. ‘బ’ ధ్వనికి ‘గ’ ధ్వని చాలా దూరం, ‘ద’ ధ్వని దగ్గర. చెవి “బ, కాకపోతే ద లాంటిది” అనే దాకా ఒప్పుకుంటుంది. కన్ను ఒప్పుకునేది, చెవి ఒప్పుకునేది, రెండింటికీ సరిపోయే అక్షరం ఒకటుంది. అదే ‘ద’. మెక్‌గర్క్, మెక్‌డొనాల్డ్ కూడా దాదాపు ఇలాగే వివరించారు.

తిప్పి పెడితే ఏమవుతుంది? కన్ను “పెదవులు మూసుకున్నాయి, నేను చూశాను” అంటుంది. దానికి ఇంకో అర్థం లేదు. చెవి స్పష్టంగా ‘గ’ అంటుంది. ఇద్దరికీ నచ్చే అక్షరం వర్ణమాలలోనే లేదు. అప్పుడు మెదడు ఇద్దరి మాటా ఉంచేస్తుంది, ‘గబ’ అని.

ఇంకొంచెం ముందుకు వెళ్దాం. వర్ణమాలని గళ్ళుగా రాస్తాం కదా. అడ్డంగా ఒక్కో వర్గం, క ఖ గ ఘ ఙ. చివరి వరుస ప ఫ బ భ మ. ఈ చివరి వరుసలో ఐదక్షరాలూ అద్దం ముందు నిలబడి అని చూడండి. ప, ఫ, బ, భ, మ. ‘ఫ’ని ఫ్యాన్‌లోలా కాదు, ‘ప’ని ఒత్తి అనండి. కంటికి ఏమైనా తేడా ఉందా? లేదు. ఐదింటికీ పెదవులు ఒకేలా కలుస్తాయి. గొంతు మోగుతోందా, ఊపిరి ఒత్తుతున్నామా, గాలి ముక్కులోంచి వస్తోందా, ఇవేవీ కంటికి తెలియవు. చెవికే తెలుస్తాయి. అంటే ఏ వర్గమో చెప్పడంలో కంటికి మాటుంది. ఆ వర్గంలో ఎన్నో అక్షరమో చెప్పే పని పూర్తిగా చెవిది.

దీనికి ఋజువు ఉంది. ‘మ’ గొంతుకి, పెదవులు మూయని నోరు అతికిస్తే ఏం వినబడుతుందో చెప్పండి చూద్దాం. ‘ద’ కాదు. ‘న’. ముక్కుతో పలికే గుణం చెవి చెప్పింది కాబట్టి అది అలాగే నిలబడింది. ఎక్కడ పలికారన్నది మాత్రమే పెదవుల నుంచి లోపలికి జరిగింది. మ వరుస మారి న అయింది, వరుసలో ఎన్నో అక్షరమన్నది మారలేదు, ఐదోదే.

ఇప్పుడు మీరు అడగాలి. చెవి ఉండగా మాట వినడానికి కన్నెందుకు? దేనికోసం మెదడు ఈ పని పెట్టుకుంది?

1955లో అమెరికాలో మిల్లర్, నైస్లీ అని ఇద్దరు ఒక పని చేశారు. అక్షరాల్ని రొదలో కలిపి వినిపించి, జనం దేన్ని దేనిగా పొరబడుతున్నారో లెక్కపెట్టారు. తేలిందేమిటంటే, చాలా రొద ఉన్నా గొంతు మోగే గుణం, ముక్కు గుణం నిలబడతాయి. ‘ప’కీ ‘మ’కీ తేడా తెలుస్తూనే ఉంటుంది. ముందుగా పోయేది ఏ చోట పలికారన్న సంగతి. ప, త, క ఒకదానితో ఒకటి కలిసిపోతాయి. చూశారా ఎంత చక్కగా సరిపోయిందో! రొదలో చెవి పోగొట్టుకునేది ఏదో, కన్ను చెప్పగలిగేదీ అదే.

ఫోనులో పేరు చెప్పేటప్పుడు ఏం చేస్తాం? “బి అండీ, బాంబే బి. డి కాదు.” ఎందుకు? ఎదురుగా నిలబడి మాట్లాడేటప్పుడు ఎప్పుడైనా అలా అన్నామా? పాత టెలిఫోను లైను 3,400 హెర్ట్జ్ పైన ఉన్న ధ్వనిని కోసేస్తుంది. ఆ పైన ఉండే సన్నని ధ్వనులు కూడా అక్షరాల్ని విడదీయడానికి పనికొస్తాయి. ధ్వనిలో కొంత పోయింది, ముఖం ఎలాగూ లేదు. అందుకే బాంబేని తెచ్చుకుంటాం.

నా గదిలో జరిగిన ఒక సంగతి చెప్తాను. డెబ్భై దాటిన ఒక పెద్దావిడ కోడలితో వచ్చారు. ఇద్దరి మధ్య వాదన. కోడలు అంటుంది, “మేడమ్, వంటింట్లోంచి పిలిస్తే పలకరు. ఎదురుగా కూర్చుంటే అన్నీ వినబడతాయి. కావాలనే చేస్తున్నారు.” ఆవిడ అంటారు, “నాకు చెవుడు లేదమ్మా, వీళ్ళు నోట్లో మాట నోట్లోనే మింగేస్తారు.” నేనూ ఆవిడతో పది నిమిషాలు మాట్లాడాను. ప్రతి మాటకీ జవాబు చెప్పారు. అప్పుడు నేను ఒక అట్ట తీసి నా నోటికి అడ్డం పెట్టుకున్నాను. వినికిడి పరీక్షలో మాటలు చెప్పించేటప్పుడు మేం తప్పకుండా చేసే పని అది. గొంతు పెంచలేదు, తగ్గించలేదు. “నేను చెప్పిన మాట తిరిగి చెప్పండమ్మా” అని, “పాలు” అన్నాను.

“కాలు.”

“బడి” అన్నాను. ఆవిడ కొంచెం ఆగి, “గడి” అన్నారు. “మడి” అన్నాను. “నడి” అన్నారు. మూడోదానికి కోడలు కుర్చీలో ముందుకి వంగి వింటోంది. అట్ట తీసేసి అవే మాటలు మళ్ళీ చెప్పాను. పాలు, బడి, మడి. అన్నీ సరిగ్గా చెప్పారు.

తప్పులు ఎలాంటివో గమనించారా? పాలు కాలయింది గానీ బాలు కాలేదు. బడి గడయింది గానీ పడి కాలేదు. మడి నడయింది, అంటే ముక్కు గుణం పోలేదు. చెవి చెప్పాల్సింది చెబుతూనే ఉంది. పోయింది వర్గం ఒక్కటే. వయసుతో వచ్చే చెవుడు ముందుగా సన్నని ధ్వనుల్ని తినేస్తుంది. ప, త, కల తేడా చెప్పే ధ్వనిలో పెద్ద భాగం అక్కడే ఉంటుంది. అందుకే పెద్దవాళ్ళు “శబ్దం వినబడుతోంది, మాట తెలియడం లేదు” అంటారు. ఆ మాట అక్షరాలా నిజం. ఆ లోటుని ఆవిడ కళ్ళు ఇన్నేళ్ళుగా పూడుస్తున్నాయి, ఆవిడకి ఆ సంగతి తెలియదు. వంటింట్లోంచి పిలిచినప్పుడు ముఖం కనబడదు. ఆవిడ కావాలని చేస్తున్నది కాదు, కోడలు అబద్ధం చెబుతున్నదీ కాదు.

“కళ్ళద్దాలు పెట్టుకోనివ్వు, అప్పుడు చెప్పు, వినబడట్లేదు” అని మీ ఇంట్లో ఎవరైనా అన్నారా? ఇక్కడ నవ్వుతున్నవాళ్ళందరి ఇళ్ళలోనూ అన్నట్టున్నారు. ఆ మాట కూడా నిజమే. కరోనా రోజుల్లో మాస్కులు వచ్చాక, ఎప్పుడూ చెవి బాగాలేదనుకోని ఎంతోమంది మా దగ్గరికి వచ్చారు. మాస్కు సన్నని ధ్వనుల్ని కొంత తగ్గిస్తుంది, నోటిని పూర్తిగా దాచేస్తుంది. రెండూ ఒకే చోట దెబ్బకొట్టాయి.

ఈ వీడియో మీరే తయారు చేసుకోవచ్చు, ఎలాగో చెప్తాను. ఇంట్లో ఒకరిని వెలుతురుకి ఎదురుగా కూర్చోబెట్టి, ఫోను కదలకుండా పెట్టి, ముఖం నిండుగా వచ్చేలా తీయండి. ఒకే లయలో నాలుగు సార్లు ‘బ’ అనమనండి. అలాగే ‘గ’. ఎడిటింగ్ యాప్‌లో ‘గ’ వీడియోకి సౌండ్ తీసేసి, దాని మీద ‘బ’ సౌండ్ పెట్టండి. అసలు పని అతకడంలో ఉంది. ‘గ’ సౌండు తీసే ముందు దాని అల చూడండి. నిశ్శబ్దం తర్వాత ఒక్కసారిగా పైకి లేచే చోటుంటుంది. ‘బ’ అల కూడా సరిగ్గా అక్కడే లేవాలి. సౌండు కొంచెం ఆలస్యమైతే పర్వాలేదు. పరిశోధనల ప్రకారం సెకనులో ఆరో వంతు దాకా సౌండు వెనకబడినా మెదడు రెండింటినీ ఒకటిగానే తీసుకుంటుంది. కానీ సౌండు ముందొస్తే ఓర్చుకోదు. సెకనులో ముప్ఫయ్యో వంతు ముందొచ్చినా పట్టు సడలుతుంది.

ఇలా ఎందుకు? లోకంలో ఎప్పుడూ చూపు ముందు, శబ్దం తర్వాత. చెరువు అవతల రేవులో బట్టలు ఉతికేవాళ్ళని చూడండి. బట్ట బండకి తగిలింది కనబడ్డాక కాసేపటికి చప్పుడు వస్తుంది. 34 మీటర్ల దూరానికి సెకనులో పదో వంతు ఆలస్యం. మాటలో కూడా పెదవులు ముందు కలుస్తాయి, ‘బ’ తర్వాత పేలుతుంది. శబ్దం ముందూ కదలిక తర్వాతా రావడం మెదడు ఎప్పుడూ చూడలేదు, ఒప్పుకోదు.

తయారయ్యాక చూపించేటప్పుడు “బ వినబడిందా, ద వినబడిందా” అని అడగకండి. పేర్లు చెప్పి అడిగితే ‘ద’ అనేవాళ్ళు పెరుగుతారు. “ఏం వినబడింది” అని మాత్రం అడగండి. కళ్ళు మూసి విన్నప్పుడు కూడా ‘బ’ సరిగ్గా వినబడకపోతే మీ రికార్డింగే బాగాలేదని అర్థం. ముందు అది సరిచేసుకోండి. ఇంకో చిన్న ప్రయోగం. అమ్మాయి ముఖానికి మగ గొంతు అతికించండి. అతకదని అందరికీ తెలుస్తుంది, అయినా ‘ద’ వినబడుతుంది. 1991లో అమెరికాలో ఇది చేసి చూశారు. ఇది వేరేవాళ్ళ గొంతు అని తెలిసినా, కన్ను తన మాట చెప్పడం ఆపదు.

ఇది తెలియకుండానే తెలిసినవాళ్ళు మన డబ్బింగ్ రచయితలు. తమిళ సినిమాకి తెలుగు మాటలు రాసేటప్పుడు వాళ్ళు ముందుగా చూసేది తెర మీద పెదవులు ఎక్కడ కలిశాయనే. అక్కడ ప, బ, మ ఉన్న మాట పడాలి. మిగతా అక్షరాల దగ్గర కొంత అటూ ఇటూ అయినా జనం పట్టించుకోరు. పెదవులు కలిసిన చోట ‘క’ పడితే మాత్రం ఎక్కడో తేడాగా ఉందని చిన్నపిల్లలకి కూడా తెలిసిపోతుంది. ఇందాకటి ‘గబ’ సంగతే ఇది. మూసిన పెదవులకి ఇంకో అర్థం లేదు.

ఇక ‘బ’ విన్న ఆరేడుగురి సంగతి. మొదటి వ్యాసంలో 98 శాతం అని చూసి, ఇది అందరికీ ఒకేలా జరుగుతుందని చాలాకాలం అనుకున్నారు. అది నిజం కాదు. తర్వాత ఎక్కువ మందిని, రకరకాల వీడియోలతో పరీక్షించారు. కొందరికి నూటికి నూరుసార్లు జరిగింది, కొందరికి ఒక్కసారి కూడా జరగలేదు. ఒకే మనిషికి ఒక వీడియోతో జరిగింది, ఇంకో వీడియోతో జరగలేదు. జపాన్‌వాళ్ళ మీద 1991లో చేసిన పనిలో, ధ్వని స్పష్టంగా ఉన్నప్పుడు వాళ్ళు కంటిని అంతగా పట్టించుకోలేదు. రొద కలిపితే వాళ్ళకీ కన్ను పైచేయి అయింది. దాన్ని బట్టి ఆసియావాళ్ళందరూ ఇంతే అనేయకూడదు. తర్వాత చైనావాళ్ళనీ అమెరికావాళ్ళనీ పోల్చి చూస్తే పెద్ద తేడా కనబడలేదు.

ఇంకో మాట కూడా చెప్పాలి, మా రంగంలోవాళ్ళే దీన్ని మర్చిపోతుంటారు. ఈ వీడియోలో ‘ద’ విన్నవాళ్ళు రొదలో పెదవులు చూసి మాటలు బాగా పట్టుకుంటారని, ‘బ’ విన్నవాళ్ళు పట్టుకోలేరని అనుకోవద్దు. 2017లో ఆ రెండింటికీ సంబంధం ఉందా అని కొలిచి చూశారు. కనబడలేదు. కన్నూ చెవీ తగువుపడితే ఏం చేస్తామన్నది వేరు, రెండూ ఒకే మాట చెబుతున్నప్పుడు ఎంత లాభపడతామన్నది వేరు. కాబట్టి ఇంటికెళ్ళి అమ్మమ్మకి ఈ వీడియో చూపించి చెవుడు తేల్చేయకండి. దానికి పరీక్ష వేరే ఉంది.

ఈ కలపడం పుట్టుకతోనే పూర్తిగా వస్తుందా? దీని గురించి 2005లో అమెరికా నుంచి ఒక ముఖ్యమైన పని వచ్చింది. పుట్టుచెవుడు ఉండి, ఆపరేషన్‌తో చెవి లోపల అమర్చే కాక్లియర్ ఇంప్లాంట్ పెట్టించుకున్న పిల్లలకి ఇలాంటి వీడియోలు చూపించారు. రెండున్నరేళ్ళ లోపు ఆపరేషన్ అయిన పిల్లల్లో కొందరికి మనలాగే మధ్య అక్షరం వినబడింది. ఆ తర్వాత ఆపరేషన్ అయినవాళ్ళలో ఎక్కువమంది కంటికి కనబడిందే చెప్పారు. చెవికి ధ్వని చేరుతోంది, కానీ కంటితో కలవలేదు. ఆ కలిపే పనిని మెదడు నేర్చుకోవడానికి ఒక కాలం ఉంది. పసిపిల్లలకి పుట్టగానే వినికిడి పరీక్ష చేయించండి అని మేం అంతగా పోరేది ఎందుకో, ఆ పిల్లల్ని చూసినవాళ్ళకి తెలుస్తుంది. బిడ్డకి ఏడాది నిండాక, రెండేళ్ళు నిండాక, “మగపిల్లలకి మాటలు ఆలస్యంగా వస్తాయిలే” అని ఆగినవాళ్ళు నా గదిలో ఏడ్చారు. అది నాకు ఇప్పటికీ బాధే.

టైమయిపోయిందని అంటున్నారు. ఇంకొక్కటే వీడియో ఉంది, అది పెట్టి ఆపేస్తాను. ఇది నేను నా గదిలో తీసుకున్నది. ఈసారి ఉత్త అక్షరం కాదు, మాట. ఎడమవైపు కూర్చున్నవాళ్ళంతా కళ్ళు మూసుకోండి. గట్టిగా మూయండి, ఓరగా చూడకండి. కుడివైపువాళ్ళు తెర మీద నోరు చూడండి. ఒకే స్పీకరు, ఒకే సౌండు. అయ్యాక మీరు విన్న మాట అందరూ ఒక్కసారే గట్టిగా చెప్పాలి. ఒకటి, రెండు, మూడు.

విన్నారా? ఎడమవైపు నుంచి “బడి”. కుడివైపు నుంచి ఎక్కువమంది “దడి”, మధ్యలో అక్కడక్కడా “బడి”. ఎడమవైపువాళ్ళు ఇప్పుడు కళ్ళు తెరవచ్చు. తెర మీద ఆమె నోటితో అన్నది “గడి”.